పరిచయం లేని ఇన్వెస్టరుకు ఆరు వాక్యాలు

ముందు పరిచయం గానీ, మధ్యవర్తి మాట గానీ లేకుండా ఒక వ్యాపార ప్రతిపాదనను నేరుగా పెట్టుబడిదారుడికి పంపడాన్ని స్టార్టప్ రంగంలో కోల్డ్ పిచ్ అంటారు. ఎక్కువసార్లు అది ఒక ఈమెయిల్; కొన్నిసార్లు లింక్డిన్‌లోనో వాట్సాప్‌లోనో పంపే చిన్న సందేశం. పంపేవాళ్లలో చాలామంది దాన్ని డబ్బు అడిగే ఉత్తరంగా భావిస్తారు. అందుకే సంస్థ చరిత్ర, లక్ష్యాలు, మార్కెట్ లెక్కలు, పోటీ, భవిష్యత్తు అన్నీ అందులో పెడతారు. నిజానికి ఉత్తరం చదివి ఎవరూ చెక్కు రాయరు. పెట్టుబడి నిర్ణయానికి ముందు పలుమార్లు మాట్లాడుకోవడం, లెక్కలు చూడటం, కస్టమర్లను విచారించడం, ఒప్పందాలు రాసుకోవడం ఉంటాయి. ఈ వరసలో మొదటి మెయిల్ చేయాల్సిన పని ఒక్కటే: ఇరవై నిమిషాల ఫోన్ సంభాషణ సంపాదించడం. ఆ పనికి అక్కరలేని వాక్యం ఎంత మంచిదైనా తీసేయవలసిందే.

చదివేవాడి పరిస్థితి

ఇన్వెస్టర్ ఇలాంటి మెయిళ్లను తీరిగ్గా కూర్చుని చదవడు. సమావేశానికీ సమావేశానికీ మధ్య ఫోన్‌లో చూస్తాడు. ఫోన్ తెరమీద ముందు కనిపించేవి పంపినవాళ్ల పేరు, విషయం కింద రాసిన మొదటి కొన్ని మాటలు, మెయిల్‌లోని తొలి వాక్యంలో ఓ ముక్క. తెరవాలా వద్దా అన్నది అక్కడే తేలిపోతుంది. తెరిచాక అతని మనసులో నాలుగు ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో మెదులుతాయి. వీళ్లు చేసేది ఏమిటి? దానికి ఎవరైనా డబ్బు ఇస్తున్నారా? ఇది నేను పెట్టుబడి పెట్టే రంగమూ స్థాయీనా? ఇప్పుడు నన్ను ఏం చేయమంటున్నారు? మొదటి ప్రశ్నకే జవాబు దొరక్కపోతే మిగతావి చూడటానికి అతను ఆగడు.

మన అర్జీల అలవాటు దీనికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది. బడిలో నేర్చుకున్న ఉత్తరంలో ముందు మర్యాదలు, తర్వాత నేపథ్యం, ఆ తర్వాత ‘విన్నవించుకొనునది ఏమనగా’ అంటూ అసలు విషయం, చివర్లో అభ్యర్థన వస్తాయి. అధికారికి అర్జీ చదవక తప్పదు కాబట్టి అక్కడ ఆ వరస చెల్లుతుంది. చదవాల్సిన అవసరమే లేని మనిషికి రాసేటప్పుడు అసలు విషయం మొదటి వాక్యంలోకి రావాలి. ఇలాంటి మెయిళ్లు మన దగ్గర ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే వెళతాయి. భాష మారినా అర్జీ వరస అలాగే ఉండిపోవడం వల్ల వాటిలో కూడా మొదటి పేరా అంతా పలకరింపులకే సరిపోతుంది.

ఎవరికి రాయాలి

కుదించడం రాయడంతో మొదలవదు, జాబితాతో మొదలవుతుంది. ఎవరికి రాస్తున్నామో తేలితే ఏది వదిలేయవచ్చో తెలుస్తుంది.

ఏంజెల్ ఇన్వెస్టర్ పెట్టేది సొంత డబ్బు. తొలి దశలో, చిన్న మొత్తాలతో వస్తాడు. తనకు తెలిసిన రంగమైతే త్వరగా నిర్ణయం తీసుకోగలడు. వెంచర్ క్యాపిటల్ ఫండ్ పెట్టేది ఇతరుల నుంచి సేకరించిన డబ్బు. ఆ ఫండ్లకు సాధారణంగా పదేళ్ల ఆయుష్షు ఉంటుంది. ఆలోగా పెట్టుబడులను అమ్మి డబ్బు తిరిగి పంచాలి. పెట్టిన సంస్థల్లో ఎక్కువ భాగం నష్టపోతాయని లెక్కవేసుకునే వాళ్లు దిగుతారు కనుక, గెలిచిన ఒకటి రెండు సంస్థలు మిగతా నష్టాలన్నింటినీ పూడ్చేంత పెద్దవి కావాలి. ఏటా నిలకడగా యాభై లక్షల లాభం తెచ్చే వ్యాపారం యజమానికి చక్కనిదే, బ్యాంకుకూ నచ్చుతుంది. కానీ ఫండ్ లెక్కలో అది ఇమడదు. అలాంటి వ్యాపారాన్ని ఎంత అందంగా వర్ణించినా ఫండ్ నుంచి జవాబు రాకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి జాబితాలో ప్రతి పేరు ఎదుటా మూడు సంగతులు రాసుకోవాలి: ఈ మనిషి ఏ రంగంలో పెడతాడు, ఏ దశలో పెడతాడు, ఒక్కో సంస్థలో సుమారుగా ఎంత పెడతాడు. ఫండ్ల వెబ్‌సైట్లు, పాత పెట్టుబడుల వార్తలు, ఇంటర్వ్యూలు చూస్తే ఈ మూడూ చాలావరకు దొరుకుతాయి. దొరకని పేరును పక్కన పెట్టవచ్చు. ఈ పని చేసిన తర్వాత రెండువందల పేర్ల జాబితా ముప్పైకి దిగడం మామూలే. మిగిలిన వాళ్లకు రాసే మెయిల్‌లో రంగం ప్రాముఖ్యం గురించి ఉపన్యాసం అక్కర్లేదు. అది వాళ్లకు తెలుసు.

మొదటి చిత్తు

కుదింపు ఎలా సాగుతుందో చూడటానికి ఒక ఊహా సంస్థను తీసుకోవచ్చు. గుంటూరులో ఇద్దరు ఇంజినీర్లు మిర్చి బస్తాలో తేమను కొలిచే పరికరం తయారుచేశారు. మిర్చి వ్యాపారంలో బస్తాను టిక్కీ అంటారు. కోతల తర్వాత మంచి ధర కోసం రైతులు, వ్యాపారులు టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెడతారు. తేమ ఎక్కువున్న సరుకు లోపలికి వెళితే నిల్వలో బూజు పడుతుంది, రంగు చెడుతుంది. అయినా లోపలికి తీసుకునేటప్పుడు కాయను చేత్తో నలిపి అంచనా వేయడమే ఎక్కువ. ఈ ఇద్దరూ రాసిన మొదటి మెయిల్ ఇలా ఉంది:

‘గౌరవనీయులైన సర్, నమస్కారములు. మీరు క్షేమంగా ఉన్నారని ఆశిస్తున్నాను. దేశంలో అంకుర సంస్థలకు మీరు అందిస్తున్న ప్రోత్సాహం మాకు ఎంతో స్ఫూర్తి. రైతు కుటుంబం నుంచి వచ్చిన నేను ఇంజినీరింగ్ పూర్తిచేసి, ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, వ్యవసాయానికి ఏదైనా చేయాలన్న తపనతో మిత్రుడితో కలిసి ఈ సంస్థను స్థాపించాను. ప్రపంచంలో ఎండు మిర్చి అత్యధికంగా పండించేది మన దేశమే. వేల కోట్ల ఈ మార్కెట్లో ఒక్క శాతం దక్కినా మన సంస్థ ఎంతో ఎత్తుకు ఎదుగుతుంది. అత్యాధునిక సెన్సర్, క్లౌడ్ టెక్నాలజీలతో మేము ఒక వినూత్నమైన సమగ్ర పరిష్కారాన్ని రూపొందించాము. దీనికి అన్ని వర్గాల నుంచి అద్భుతమైన స్పందన వస్తోంది. మాకు పోటీ ఎవరూ లేరు. పూర్తి వివరాలు జతచేసిన 34 పేజీల ఫైల్‌లో ఉన్నాయి. మీ విలువైన సమయం కేటాయించి, మీ అమూల్యమైన సహకారం అందించగలరని ప్రార్థిస్తున్నాను.’

ఇందులో అబద్ధం లేదు, తప్పు భాష లేదు. అయినా చదివినవాడికి ఆ సంస్థ ఏం చేస్తుందో తెలియదు. ‘సమగ్ర పరిష్కారం’ అన్నది ఎరువుల యాప్ కావచ్చు, గోదాము కావచ్చు, ధరల సమాచారం కావచ్చు. తేమ, టిక్కీ, కోల్డ్ స్టోరేజీ అన్న మూడు మాటలూ ఒక్కసారైనా రాలేదు.

ప్రతి వాక్యానికీ ఒక ప్రశ్న

కుదించడానికి మొదటి పద్ధతి, ఇన్వెస్టర్ వేసే నాలుగు ప్రశ్నల్లో ప్రతి వాక్యమూ దేనికి జవాబో పక్కనే గుర్తు పెట్టడం. పలకరింపు దేనికీ జవాబు కాదు. స్ఫూర్తి గురించిన మాట దేనికీ కాదు. తపన కూడా కాదు. ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఈ పరికరానికి సంబంధించినదైతేనే పనికొస్తుంది. ఉదాహరణకు ఇద్దరిలో ఒకరు తేమ సెన్సర్లు తయారుచేసే కంపెనీలో పనిచేసి ఉంటే ఆ ముక్క ఉంచాలి, లేకపోతే తీసేయాలి. ‘పోటీ ఎవరూ లేరు’ అన్న వాక్యం ఏ ప్రశ్నకూ జవాబు కాకపోగా అనుమానం పుట్టిస్తుంది. చేత్తో నలిపి చూసే పాత పద్ధతి ఖర్చులేని పోటీ. దాన్ని గుర్తించనివాళ్లు తమ కొనుగోలుదారును అర్థం చేసుకోలేదని అనుభవమున్న ఇన్వెస్టర్ వెంటనే గ్రహిస్తాడు.

మార్కెట్లో ఒక్క శాతం అన్న లెక్క కూడా అలాంటిదే. దేశంలోని మిర్చి విలువంతా ఈ సంస్థ మార్కెట్ కాదు. తేమ కొలిచినందుకు డబ్బు కట్టే కోల్డ్ స్టోరేజీల సంఖ్యను ఒక్కో స్టోరేజీ ఏడాదికి కట్టే మొత్తంతో గుణిస్తే వచ్చేదే దాని మార్కెట్. అది చిన్న సంఖ్యగా కనిపించవచ్చు. అయినా కింది నుంచి కట్టిన ఆ లెక్కను ఎవరైనా సరిచూడగలరు. పై నుంచి కోసిన ఒక్క శాతాన్ని సరిచూసే దారి లేదు. మొదటి మెయిల్‌లో ఈ రెండూ అవసరం పడవు.

ఈ వడపోత తర్వాత మొదటి చిత్తులో మిగిలేది దాదాపు శూన్యం. ఉన్నదాన్ని నరికి పొట్టిగా చేస్తే సరిపోదని ఇక్కడ అర్థమవుతుంది. ఉండాల్సిన సమాచారం అసలు రాయనేలేదు కాబట్టి దాన్ని కొత్తగా తేవాలి.

చేసేదేమిటో ఒక వాక్యం

మొట్టమొదట రాయాల్సింది, సంస్థ ఎవరికి ఏం చేస్తుందో చెప్పే ఒకే వాక్యం. 2005లో మొదలై ఎయిర్‌బీఎన్‌బీ, డ్రాప్‌బాక్స్ వంటి సంస్థలకు తొలి డబ్బు ఇచ్చిన అమెరికా సంస్థ వై కాంబినేటర్ తన దరఖాస్తులో కంపెనీ చేసే పనిని 50 అక్షరాలకు మించకుండా చెప్పమంటుంది. అంత చోటులో విశేషణాలు పట్టవు. కొనేవాడు, వస్తువు, జరిగే పని మాత్రమే పడతాయి.

ఈ వాక్యం సరిగ్గా కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఆ రంగంతో సంబంధం లేని మనిషికి దాన్ని ఒకసారి చదివి వినిపించి, విన్నది సొంత మాటల్లో తిరిగి చెప్పమనాలి. ‘సెన్సర్, క్లౌడ్ టెక్నాలజీలతో సమగ్ర పరిష్కారం’ అని విన్నవాడు ఏదీ తిరిగి చెప్పలేడు. ‘మిర్చి టిక్కీని విప్పకుండానే అర నిమిషంలో లోపలి తేమ చూపే పరికరాన్ని కోల్డ్ స్టోరేజీలకు నెల అద్దెకు ఇస్తాం’ అని విన్నవాడు దాదాపు అవే మాటలు తిరిగి చెబుతాడు. ఈ ఒక్క వాక్యంలో కొనేదెవరో ఉంది, వస్తువు ఉంది, డబ్బు ఎలా వస్తుందో ఉంది. సెన్సర్ ఏ సూత్రం మీద పనిచేస్తుందో లేదు. అది ఫోన్ సంభాషణకు మిగిలిన విషయం.

దీని వెంటనే, అవసరం ఏమిటో చెప్పే వాక్యం ఇంకొకటి కావాలి. ‘రైతులు నష్టపోతున్నారు’ అన్న మాట విశాలమైనది. పైగా ఇక్కడ డబ్బు కట్టేది రైతు కాదు. నొప్పి ఎవరిదో, జేబు ఎవరిదో రెండూ కలిసిన చోటే వాక్యం నిలబడాలి. బూజు పట్టిన టిక్కీ బయటికి వచ్చినప్పుడు తగాదా స్టోరేజీ యజమాని మీదికే వస్తుంది: సరుకు తెచ్చినప్పుడే తడిగా ఉందా, లోపల చల్లదనం తేడా వల్ల చెడిందా అన్నది తేల్చే కాగితం అతని దగ్గర ఉండదు. అతను అద్దె కట్టేది ఆ కాగితం కోసమే. ఇది వాక్యంలోకి వస్తే, యజమాని ఎందుకు కొంటాడన్న ప్రశ్న ఇన్వెస్టర్ అడగనక్కర్లేదు.

రుజువు

మెయిల్‌లో అతి బరువైన వాక్యం రుజువుది. అన్ని రుజువులకూ ఒకే విలువ ఉండదు. కస్టమర్ డబ్బు కట్టి, మళ్లీ మళ్లీ కడుతూ ఉండటం అన్నిటికంటే గట్టిది. ఒకసారి కొనడం దాని తర్వాతిది. ఉచితంగా వాడి చూడటం ఇంకా కిందది. కొంటామని రాసిచ్చిన లేఖ, యాప్‌ను దించుకున్నవాళ్ల సంఖ్య, అవార్డులు, పత్రికల్లో వచ్చిన వార్తలు ఆ తర్వాతే. ఉన్నవాటిలో అత్యంత గట్టిదాన్ని ఒక్కదాన్నే పెట్టాలి. గట్టి రుజువు పక్కన బలహీనమైనవి చేరిస్తే చదివేవాడి దృష్టి చెదురుతుంది. కాలేజీ పోటీలో వచ్చిన రెండో బహుమతి, డబ్బు కట్టే తొమ్మిదిమంది కస్టమర్ల బరువును తగ్గిస్తుంది.

‘అద్భుతమైన స్పందన’ను ఇక్కడ అంకెలోకి మార్చాలి. ‘9 స్టోరేజీలు వాడుతున్నాయి’ అంటే మొదటి మెట్టు. కానీ ఎన్ని చోట్ల ప్రయత్నిస్తే తొమ్మిది అయ్యాయి? 11 చోట్ల ఉచితంగా ఇచ్చి చూస్తే 9 నిలిచాయంటే అది చాలా బలమైన మాట. 90 చోట్ల తిరిగితే 9 నిలిచాయంటే వేరే కథ. కింది సంఖ్య లేని పై సంఖ్య సగం సమాచారమే. ‘వాడుతున్నాయి’ అన్న మాట కూడా సందిగ్ధంగా ఉంది. వాడటం వేరు, కట్టడం వేరు. ‘9 స్టోరేజీలు నెలకు 12 వేలు కడుతున్నాయి’ అన్నప్పుడు చదివేవాడే నెలకు లక్షా 8 వేల రాబడి అని లెక్క వేసుకుంటాడు.

ఇక్కడితో ఆగితే మిర్చి వ్యాపారం తెలిసిన ఇన్వెస్టరుకు ఇంకో అనుమానం మిగులుతుంది. కొత్త సరుకు స్టోరేజీకి వచ్చేది ముఖ్యంగా వేసవిలోపు నెలల్లోనే. మిగతా నెలల్లో తేమ మీటరుకు ఎవరు అద్దె కడతారు? సంస్థ ఇప్పటికే ఏడాది ఒప్పందాలు చేసుకుని ఉంటే, ‘ఏడాది ఒప్పందం మీద’ అన్న మూడు మాటలు ఆ అనుమానాన్ని తీరుస్తాయి. మెయిల్‌ను కుదించడమంటే మాటలు తగ్గించడం ఒక్కటే కాదు, ఇలాంటి చోట మూడు మాటలు పెంచడం కూడా. ఒకవేళ ఒప్పందం సీజన్‌కే పరిమితమైతే, సీజన్‌కు ఎంత అని రాయాలి తప్ప నెల అంకె రాసి ఏడాది మొత్తం అన్న భ్రమ కలిగించకూడదు. ఒప్పందాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తర్వాత ఎలాగూ చూస్తారు. అక్కడ తేడా బయటపడితే మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి.

అడిగేదేమిటి

చివరి భాగంలో మూడు ముక్కలు ఉంటాయి: ఎంత సమీకరిస్తున్నారు, ఆ డబ్బుతో ఏ మైలురాయి చేరతారు, ఈ చదివేవాడు ఇప్పుడు ఏం చేయాలి. మొత్తం చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు. కానీ మొత్తం తెలియకపోతే ఇది తన స్థాయికి సరిపోతుందో లేదో ఇన్వెస్టర్ తేల్చుకోలేడు. అందులో కొంత ఇప్పటికే మరొకరు ఒప్పుకుని ఉంటే చెప్పాలి. అయితే రాతపూర్వకంగా ఒప్పుకున్నవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి. ‘చూద్దాం’ అన్నవాళ్లను ఒప్పుకున్నవాళ్లలో కలిపితే, ఒక్క ఫోన్‌కాల్‌తో ఆ మాట పోతుంది. ఇన్వెస్టర్లు ఒకరినొకరు ఎరుగుదురు.

చదివేవాడు చేయాల్సిన పని ఎంత చిన్నదైతే అంత మంచిది. ‘మీ అమూల్యమైన సహకారం’ అన్నదానికి ఏం జవాబివ్వాలో తెలియదు. ‘మీకు వీలున్నప్పుడు కలుద్దాం’ అంటే తేదీ వెతికే పని అతని మీద పడుతుంది. ‘మంగళవారం గానీ గురువారం గానీ 20 నిమిషాలు మాట్లాడవచ్చా’ అంటే రెండు మాటల్లో జవాబివ్వవచ్చు. 34 పేజీల ఫైల్ జతచేయడం, ముందే గోప్యతా ఒప్పందం మీద సంతకం అడగడం రెండూ పని పెంచేవే. ఒకే రంగంలో ఎన్నో సంస్థలను చూసే ఇన్వెస్టర్లు తొలి సంభాషణకు అలాంటి సంతకం సాధారణంగా పెట్టరు. పది పన్నెండు స్లైడ్లు సిద్ధంగా ఉంచుకుని, అడిగితే పంపడం మేలు.

ఈ మనిషికే ఎందుకు రాస్తున్నారో చెప్పే వాక్యం ఒకటి ఉండాలి. అది పొగడ్త కాకూడదు. అతను నిజంగా పెట్టిన పెట్టుబడి, రాసిన వ్యాసం వంటి సరిచూడగలిగిన సంగతి కావాలి. ఈ వాక్యంలో పేరు మార్చి ఇంకొకరికి పంపగలిగితే అది పనిచేయని వాక్యమని గుర్తు.

కుదిరిన మెయిల్

ఇన్ని మార్పుల తర్వాత గుంటూరు మెయిల్ ఈ రూపానికి వస్తుంది. విషయం: ‘మిర్చి తేమ మీటర్: 9 కోల్డ్ స్టోరేజీలు అద్దె కడుతున్నాయి’.

‘నమస్కారమండీ. మిర్చి టిక్కీని విప్పకుండానే అర నిమిషంలో లోపలి తేమ చూపే పరికరాన్ని మేం గుంటూరులో తయారుచేసి, కోల్డ్ స్టోరేజీలకు అద్దెకు ఇస్తున్నాం. ఇప్పుడు చేత్తో నలిపి అంచనా వేస్తున్నారు; తడి సరుకు లోపలికి వెళ్లి బూజు పడితే, తప్పు ఎవరిదో తేల్చే కాగితం లేక తగాదా స్టోరేజీ యజమాని మీద పడుతోంది. గత సీజన్‌లో 11 స్టోరేజీలు నెల రోజులు ఉచితంగా వాడాయి; వాటిలో 9 ఏడాది ఒప్పందం మీద నెలకు 12 వేల రూపాయలు కడుతున్నాయి. కొత్త పంట వచ్చేలోగా మరో 30 స్టోరేజీలకు వెళ్లడానికి 60 లక్షలు సమీకరిస్తున్నాం; 25 లక్షలకు ఇద్దరు రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. పంట నిల్వ రంగంలో మీరు ఇప్పటికే రెండు సంస్థల్లో పెట్టుబడి పెట్టారు కనుక మీకు రాస్తున్నాం. వచ్చే మంగళవారం గానీ గురువారం గానీ 20 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడవచ్చా?’

పలకరింపు పోతే ఆరు వాక్యాలు. విషయం కింద రాసిన మాటల్లోనే వస్తువూ రుజువూ రెండూ ఉన్నాయి. ‘పెట్టుబడి అవకాశం’, ‘సహకారం కోరుతూ’ వంటి శీర్షికలు ఏ సంస్థకైనా అతుకుతాయి కనుక ఏ సంస్థనూ గుర్తుచేయవు. తెలిసినవాళ్లెవరూ ముందుమాట చెప్పకపోయినా ఇలాంటి మెయిల్‌కు తలుపు తెరుచుకోవచ్చు. అమెరికాలో బాక్స్ అనే సంస్థను మొదలుపెట్టిన కాలేజీ విద్యార్థులు 2005లో వ్యాపారవేత్త మార్క్ క్యూబన్‌కు పరిచయం లేకుండానే మెయిల్ రాశారు. వాళ్ల తొలి పెట్టుబడిదారుడు ఆయనే అయ్యాడు.

ఇంకా కస్టమర్లే లేని సంస్థ మూడో వాక్యంలో ఏం రాయాలన్నది న్యాయమైన ప్రశ్న. అప్పుడు ఉన్నంతలో గట్టిదాన్ని నిజాయితీగా రాయాలి: ‘రెండు స్టోరేజీల్లో 400 టిక్కీల మీద ల్యాబ్ ఫలితంతో పోల్చి చూశాం, తేడా ఇంత వచ్చింది’ అనవచ్చు. అదీ లేకపోతే మెయిల్ పంపడానికి ఇంకా సమయం కాలేదనే అర్థం. రాతతో ఆ లోటు పూడదు.

చట్టం గీసిన గీత

పొట్టి మెయిల్ బాగా కుదిరాక దాన్ని వేలమందికి ఒకేసారి పంపాలన్న కోరిక పుడుతుంది. మన దేశంలో ప్రైవేటు కంపెనీకి ఇక్కడ చట్టం అడ్డు వస్తుంది. 2013 కంపెనీల చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం, ప్రైవేట్ ప్లేస్‌మెంట్ కింద షేర్లు ఇవ్వజూపడం ముందుగా గుర్తించిన వ్యక్తులకే జరగాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో వాళ్ల సంఖ్య 200 దాటకూడదు. అర్హత గల సంస్థాగత మదుపరులు, స్టాక్ ఆప్షన్లు పొందే ఉద్యోగులు ఈ లెక్కలోకి రారు. బహిరంగ ప్రకటనల ద్వారా గానీ, మీడియా, మార్కెటింగ్ మార్గాల ద్వారా గానీ ఆ షేర్ల జారీ సంగతి జనానికి తెలియజేయకూడదు.

సంస్థ గురించి పరిచయం చేసి సంభాషణ అడిగే మెయిల్ వేరు, షేరు ధర, ఎంత శాతం, ఎంత లాభం అంటూ రాసే ప్రతిపాదన వేరు. రెండోది పేరు పేరునా, నిర్ణీత పత్రాలతో, తర్వాతి దశలో జరగాలి. కనుక మొదటి మెయిల్‌లో షేరు ధర గానీ, ఇంత రాబడి ఖాయమన్న హామీ గానీ ఉండకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్ పోస్టుల్లో పెట్టుబడికి పిలుపు ఇవ్వడం మరింత ప్రమాదకరం.

జవాబులు చెప్పే సంగతి

మెయిల్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే అందరికీ ఒకేసారి పంపకూడదు. పది పన్నెండుమందికి పంపి, వారం పదిరోజులు ఆగి, వచ్చిన జవాబుల తీరు చూసి మార్చాలి. మెయిల్ తెరిచారా లేదా అని చూపే సాధనాలను నమ్మడానికి లేదు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో గోప్యతా రక్షణ తెచ్చాక, చదవని మెయిల్ కూడా తెరిచినట్టు కనిపించవచ్చు. జవాబు ఒక్కటే నమ్మదగిన గుర్తు.

ఒక్క జవాబూ రాకపోతే లోపం సాధారణంగా శీర్షికలోనో తొలి వాక్యంలోనో ఉంటుంది, లేదా జాబితాయే తప్పు. ‘మా దశకు తొందర’, ‘మా రంగం కాదు’ అన్న జవాబులు వరసగా వస్తే మెయిల్ అర్థమవుతోంది, జాబితా మార్చాలి. ‘వివరాలు పంపండి’ అని అడిగి, పంపాక మౌనం వహిస్తే మెయిల్ తన పని చేసింది. లోపం స్లైడ్లలోనో వ్యాపారంలోనో ఉంది. అప్పుడు మెయిల్‌ను ఇంకా చెక్కడం వల్ల ప్రయోజనం లేదు. జవాబు రానివాళ్లకు వారం తర్వాత ఒకసారి గుర్తుచేయడం తప్పు కాదు. ‘నా మెయిల్ చూశారా’ అనడం కంటే కొత్త సంగతి ఒకటి చెప్పడం మంచిది: ‘పదో స్టోరేజీ నిన్న ఒప్పందం చేసుకుంది’ అన్నది సరిపోతుంది.

మెయిల్ ఎంత బాగున్నా తిరస్కారం సహజం. 2008లో ఎయిర్‌బీఎన్‌బీ వ్యవస్థాపకులు 15 లక్షల డాలర్ల విలువ కట్టి లక్షా 50 వేల డాలర్ల పెట్టుబడి కోసం ఏడుగురు ఇన్వెస్టర్లను పరిచయం చేయించుకున్నారు. అయిదుగురు కాదన్నారు, ఇద్దరు జవాబే ఇవ్వలేదు. ఆ తిరస్కరణ మెయిళ్లను సంస్థ అధినేత బ్రయాన్ చెస్కీ 2015లో బయటపెట్టాడు. వాటిలో కనిపించే కారణాలు తమ రంగం కాదని, మార్కెట్ తగినంత పెద్దది కాదని. మెయిల్‌ను ఎంత సాన పట్టినా చదివేవాడి నమ్మకాలు ఒక్క రోజులో మారవు.

స్పాన్సరుకైతే

స్పాన్సర్ విషయంలో చట్రం ఇదే, ప్రశ్నలు మారతాయి. ఇన్వెస్టర్ తన డబ్బు పెరగాలని చూస్తాడు. స్పాన్సర్ తన పేరు ఎవరి కంట పడుతుందో చూస్తాడు. కాబట్టి రాసేముందే డబ్బు కంపెనీలో ఏ పద్దు నుంచి రావాలో తేల్చుకోవాలి. చాలా విన్నపాలు ‘మీ సీఎస్ఆర్ నిధుల నుంచి’ అంటూ మొదలై అక్కడే ఆగిపోతాయి. చట్టప్రకారం సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. అయితే 2021లో సవరించిన నిబంధనల ప్రకారం, తమ సరుకుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్ఆర్ కిందికి రాదు. బ్యానర్ మీద కంపెనీ పేరు వేస్తామంటూనే సీఎస్ఆర్ నిధి అడిగే ఉత్తరం ఒకదాన్నొకటి కొట్టేసే రెండు మాటలు చెబుతున్నట్టే. ప్రచారమైతే మార్కెటింగ్ విభాగానికి రాయాలి. సేవా కార్యక్రమమైతే సీఎస్ఆర్ విభాగానికి రాయాలి. అప్పుడు అందుకునే ట్రస్టుకో సొసైటీకో కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి.

ఒక మండల కేంద్రంలో సంక్రాంతి కబడ్డీ పోటీలు నిర్వహించే సంఘం వ్యవసాయ మోటార్ల కంపెనీకి రాస్తోందనుకుంటే, ‘యువతలో క్రీడాస్ఫూర్తి పెంపొందించడానికి మీ ఉదార సహాయం’ అన్నది మార్కెటింగ్ మేనేజరుకు అక్కరకు రాదు. అతనికి పనికొచ్చేది ఇలా ఉంటుంది: ‘జనవరి 13 నుంచి 15 వరకు మా ఊళ్లో జరిగే కబడ్డీ పోటీలకు చుట్టుపక్కల 24 గ్రామాల జట్లు వస్తున్నాయి, నిరుడు చివరి రోజు సుమారు రెండు వేలమంది వచ్చారు, ఎక్కువమంది బోరుబావుల కింద సాగుచేసే రైతులు. కోర్టు నాలుగు వైపులా మీ బోర్డులు, ప్రవేశం దగ్గర మోటారు ప్రదర్శనకు చోటు ఇస్తాం. దీనికి లక్ష రూపాయలు. మోటార్ల కంపెనీల్లో ఒక్కరికే ఇస్తాం. డిసెంబరు 5లోగా మీ నిర్ణయం తెలపగలరా?’

ఇక్కడ జనం సంఖ్య కంటే ఆ జనం ఎవరన్నది ముఖ్యం. పదివేలమంది పట్టణ విద్యార్థుల కంటే రెండు వేలమంది బోరుబావి రైతులు ఈ కంపెనీకి విలువైనవాళ్లు. ఇచ్చేదేమిటో బోర్డుల సంఖ్యతో సహా స్పష్టంగా ఉంది. పోటీ కంపెనీకి చోటివ్వమన్న మాట స్పాన్సరుకు నిజమైన లాభం. ఇచ్చిన తర్వాత నిలబెట్టుకోవాలి కూడా. గడువు కూడా పండగకు నెలకు పైగా ముందే పెట్టారు: బోర్డులు తయారుకావాలి, కంపెనీ లోపల అనుమతులు రావాలి. పండగ వారం ముందు వచ్చిన విన్నపానికి ఎంత చక్కగా రాసినా సాధారణంగా డబ్బు దొరకదు. ఆ ఏడాది ప్రచార నిధి అప్పటికే పంచేసి ఉంటారు. అందుకే స్పాన్సర్ల జాబితాలో పేరు పక్కన రంగంతోపాటు, ఆ కంపెనీ ఏడాది బడ్జెట్ ఎప్పుడు ఖరారు చేసుకుంటుందో కూడా రాసుకుంటే ఉత్తరం సరైన నెలలో వెళుతుంది.